‘నాకు నువ్వు నచ్చావు’లో కర్త ఎవరు? ఒడిశా సరిహద్దు తెలుగిళ్లలో ‘నాకు’ వాక్యాలు నేర్పే పద్ధతి

పర్లాకిమిడిలో ఒడియా మాధ్యమంలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు సాయంత్రాలు తెలుగు రాయడం, చదవడం నేర్పుతుంటాను. వాళ్ల నోట్లో తెలుగు ఉంది. ఇంట్లో అమ్మతో, నాయనమ్మతో తడుముకోకుండా మాట్లాడతారు. కాగితం మీద పెట్టేసరికి మాత్రం ఒక రకం వాక్యం దగ్గర పదే పదే జారుతారు. ‘నాకు నువ్వు నచ్చింది’ అని రాస్తారు, ‘నాకు ఇంటికి వెళ్లాలి’ అని రాస్తారు, ‘అన్న నాకు తిట్టాడు’ అని రాస్తారు. ఈ మూడు తప్పులూ మూడు చోట్ల పుట్టినవే అయినా మూడింటికీ మూలం ‘నాకు’ అనే మాట. తెలుగులో ఆకలి, నిద్ర, భయం, ఇష్టం, జ్ఞాపకం, తెలివిడి వంటి అనుభవాలను చెప్పేటప్పుడు అనుభవించే మనిషిని కర్తగా నిలబెట్టకుండా, అతనికి ‘కు’ చేర్చి పక్కన కూర్చోబెడతాం. క్రియ అతని వైపు చూడదు. ఆ క్రియ ఎవరి వైపు చూస్తుందో పిల్లలకు తేటగా చూపించగలిగితే తప్పుల్లో చాలా భాగం వాటంతటవే పోతాయి. బరంపురం, గుణుపురం, రాయగడ వైపు ఇళ్లలో పిల్లలకు తెలుగు నేర్పుకుంటున్న తల్లిదండ్రులకు, నాలాగా పాఠాలు చెప్పేవారికి పనికివస్తుందని ఆ పద్ధతిని మెట్టుమెట్టుగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: వాక్యాన్ని మూడు ముక్కలు చేయడం

వ్యాకరణ పదాలతో మొదలుపెట్టకండి. ‘నాకు నువ్వు నచ్చావు’ అనే వాక్యాన్ని పలక మీద రాసి మూడు ప్రశ్నలు అడగండి. ఎవరికి? నాకు. ఎవరు? నువ్వు. ఏమైంది? నచ్చావు. ఇలాగే ‘తమ్ముడికి ఆకలి వేసింది’ అనే వాక్యానికి కూడా అడగండి. ఎవరికి? తమ్ముడికి. ఏది? ఆకలి. ఏమైంది? వేసింది. ‘ఎవరికి’ అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చేవాడు అనుభవించేవాడు. వ్యాకరణంలో కొందరు ఇతన్ని అనుభోక్త అంటారు. ‘ఎవరు’ లేదా ‘ఏది’ అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చేది కర్త. ‘ఆకలి వేసింది’లో ఆకలే కర్త అని చెప్పగానే పిల్లలు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే కర్త అంటే పని చేసేవాడు అని బడిలో నేర్చుకుని ఉంటారు. ఇక్కడ కర్తను పని చేసేవాడిగా కాకుండా, క్రియ ఎవరి కోసం తన చివరి అక్షరాలు మార్చుకుంటుందో ఆ పదంగా చూడమని చెప్పాలి.

ఈ పద్ధతి తెలుగుకు మాత్రమే ఉన్నది కాదు. పాణిని ‘రుచ్యర్థానాం ప్రీయమాణః’ అని ఒక సూత్రమే చేశాడు. నచ్చడం అనే అర్థమున్న ధాతువులతో, ఎవరికి నచ్చుతుందో ఆ మనిషి సంప్రదానం, అంటే చతుర్థీ విభక్తి పొందేవాడు, అవుతాడని దాని భావం. ‘హరయే రోచతే భక్తిః’ అనేది దానికి చెప్పే ఉదాహరణ. హరికి భక్తి నచ్చుతుంది. అక్కడా హరి చతుర్థిలో ఉన్నాడు, భక్తి కర్తగా ఉంది. తెలుగు వాక్యమూ సరిగ్గా అలాగే నడుస్తుంది.

రెండో మెట్టు: ‘కు’, ‘కి’ సరిగ్గా చేర్చడం

ఈ మెట్టు చిన్నదే. ఇకారంతో ముగిసే మాటకు ‘కి’, మిగిలినవాటికి ‘కు’ అనేది పుస్తకాల నియమం: రవికి, మనిషికి, అమ్మకు, పిల్లలకు. మన వైపు మాటల్లో ‘అమ్మకి’, ‘నాన్నకి’ అని ‘కి’నే ఎక్కువగా వాడతాం, దాన్ని తప్పని కొట్టేయవలసిన పని లేదు. ‘నాకు, నీకు, మాకు, మీకు’ మాత్రం ఎప్పుడూ ‘కు’తోనే ఉంటాయి.

పిల్లలు పొరబడేది అసలు మాట మారే చోట. ‘తమ్ముడు’కు నేరుగా ‘కు’ చేర్చి ‘తమ్ముడుకు’ అని, ‘చెల్లెలుకు’ అని రాస్తారు. ‘తమ్ముడికి’, ‘చెల్లెలికి’ అనాలి, ఎందుకంటే విభక్తి చేరే ముందు ఆ మాటల చివరి ఉకారం ఇకారంగా మారుతుంది. ఆ ఇకారం వల్లనే వెనుక ‘కి’ వస్తుంది. ‘ఇల్లు’ ‘ఇంటికి’ అయినట్లే ఇదీ అని చెబితే వెంటనే పట్టుకుంటారు, ఎందుకంటే ‘ఇల్లుకు వెళ్తున్నాను’ అని ఏ పిల్లవాడూ అనడు.

పాఠ్యపుస్తకాలు ముందు పెట్టుకుని నేర్పేవారు ఒక విషయం గమనించాలి. మన సంప్రదాయ వ్యాకరణంలో, అంటే చిన్నయసూరి బాలవ్యాకరణం మార్గంలో, ‘కి, కు, యొక్క, లో, లోపల’ షష్ఠీ విభక్తి ప్రత్యయాలు, ‘కొఱకు, కై’ చతుర్థి. ఇప్పటి భాషాశాస్త్రం ‘నాకు ఇష్టం’లోని ‘కు’ను చతుర్థి అంటుంది. పిల్లవాడు ఒకచోట షష్ఠి అని, ఇంకోచోట చతుర్థి అని చదివి తికమకపడితే రెండూ ఒకే ‘కు’కు పెట్టిన రెండు పేర్లని చెప్పి ముందుకు సాగండి. పేరు ఏదైనా వాక్యం మారదు.

మూడో మెట్టు: క్రియ ఎవరి వైపు చూస్తుంది

మొత్తం పాఠంలో ఎక్కువ రోజులు గడపవలసిన చోటు ఇదే. నేను కనీసం నాలుగు సాయంత్రాలు దీని మీదే ఉంచుతాను.

‘నచ్చు’తో మొదలుపెట్టండి. ‘నాకు’ అన్న మాటను కదపకుండా, నచ్చే వ్యక్తిని మారుస్తూ పిల్లల చేత చెప్పించండి. నాకు నువ్వు నచ్చావు. నాకు మీరు నచ్చారు. నాకు ఆ అబ్బాయి నచ్చాడు. నాకు ఆ అమ్మాయి నచ్చింది. నాకు ఆ చెప్పులు నచ్చాయి. తర్వాత తిరగేయండి: నీకు నేను నచ్చానా? వాళ్లకు మేము నచ్చాం. అన్ని వాక్యాల్లోనూ క్రియ మారిపోతోంది, ‘నాకు’ వల్ల మాత్రం ఎక్కడా మారడం లేదు. ‘నాకు’ ఉన్న చోట ‘వాళ్లకు’ పెట్టి చూపించండి: ‘నాకు ఆ చెప్పులు నచ్చాయి’, ‘వాళ్లకు ఆ చెప్పులు నచ్చాయి’. అనుభవించేవారు ఒకరైనా పదిమందైనా క్రియకు పట్టింపు లేదు.

మరి ‘నాకు నువ్వు నచ్చింది’ అన్న తప్పు ఎలా పుడుతుంది? చాలా కాలం దీన్ని ఒడియా ప్రభావం అనుకున్నాను. ఒడియాలో కూడా ఇష్టపడే వస్తువును బట్టే క్రియ మారుతుందని గమనించాక ఆ మాట వెనక్కు తీసుకున్నాను. అసలు కారణం తెలుగులోనే ఉంది. పిల్లవాడు రోజూ వినే ‘నాకు’ వాక్యాల్లో ఎక్కువ భాగం ఆకలి వేసింది, నిద్ర వచ్చింది, కోపం వచ్చింది, జ్వరం వచ్చింది, అర్థమైంది అన్నవే. అన్నీ ‘ఇంది’తో ముగుస్తాయి. ‘నాకు’ అన్నాక చివర ‘ఇంది’ రావాలన్న ఒక పొరపాటు నియమాన్ని అతను తనకు తానుగా తయారు చేసుకుంటాడు. అక్కడ ‘ఇంది’ వచ్చింది ‘నాకు’ వల్ల కాదని, ఆకలి, నిద్ర, కోపం ఏకవచనంలో ఉన్న అమహద్వాచకాలు, అంటే మగవారిని సూచించని మాటలు, కావడం వల్లనని అతనికి చూపాలి.

దానికి నా దగ్గర ఉన్న మంచి సాధనం బహువచనంలో వచ్చే ఒంటి బాధలు. నాకు కన్నీళ్లు వచ్చాయి. నాకు చెమటలు పట్టాయి. తమ్ముడికి వాంతులయ్యాయి. అమ్మకు కళ్లు తిరిగాయి. ఇక్కడ ఎవరూ ‘కన్నీళ్లు వచ్చింది’ అనరు. ‘నాకు కోపం వచ్చింది, నాకు కన్నీళ్లు వచ్చాయి’ అన్న రెండు వాక్యాలను ఒకదాని కింద ఒకటి రాసి, కోపం, కన్నీళ్లు అన్న మాటల కింద గీత గీసి, అక్కడి నుంచి క్రియ దాకా బాణం వేయించండి. ఆ బాణం తన చేత్తో వేసిన పిల్లవాడు ‘నువ్వు నచ్చింది’ అని మళ్లీ రాయడం నేను చాలా అరుదుగా చూశాను.

‘కనబడు’ అనే క్రియలో ఒక అందం ఉంది. ‘నిన్న బజార్లో నాకు నువ్వు కనబడ్డావు’ అన్న వాక్యంలో చూసింది నేను, కర్త మాత్రం నువ్వు. అందుకే ‘రేపు ఒకసారి కనబడు’ అని నీకు ఆజ్ఞ ఇవ్వగలుగుతున్నాను. ఆజ్ఞ ఎప్పుడూ కర్తకే ఇస్తాం కదా, కనబడేవాడే కర్త అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇక మారని మాటలు. తెలుసు, కావాలి, వద్దు, చాలు అనేవి ఎవరి వైపూ చూడవు. నాకు నువ్వు తెలుసు, నాకు మీరు తెలుసు, నాకు ఆయన తెలుసు. నాకు నువ్వు కావాలి, నాకు పుస్తకాలు కావాలి. ఇవి చివర మార్చుకునే రూపాలు కావు. వీటిని విడిగా ఒక కాగితం మీద రాయించి గోడకు అంటించడం మేలు. వీటి వ్యతిరేకాలు కూడా పక్కనే ఉండాలి: తెలుసుకు తెలియదు, కావాలికి వద్దు లేదా అక్కరలేదు. ఒక భాష రావడం గురించి చెప్పే ‘వచ్చు’ కూడా ఈ వరసలోనిదే: నాకు ఒడియా వచ్చు, నాకు మరాఠీ రాదు.

‘ఇష్టం’ వీటన్నింటికంటే వేరు. అది క్రియే కాదు, నామవాచకం. ‘నాకు నువ్వు ఇష్టం’ అన్నా చెల్లుతుంది, కాని మన నోట సహజంగా వచ్చేది ‘నాకు నువ్వంటే ఇష్టం’. ఆ ‘అంటే’ను పిల్లలు రాతలో తరచు వదిలేస్తారు. భయం, అసహ్యం, గౌరవం, జాలి కూడా ‘అంటే’ను కోరతాయి: నాకు కుక్కలంటే భయం, నాకు మాస్టారంటే గౌరవం. ‘నాకు కుక్కలు భయం’ అని రాస్తే చదివేవారికి ఏదో లోటు తెలుస్తుంది. కాదని చెప్పేటప్పుడు ‘ఇష్టం లేదు’ అనాలి.

నాలుగో మెట్టు: ‘నాకు’ వేరు, ‘నన్ను’ వేరు

ఇక్కడ ఒడియా నిజంగా అడ్డుపడుతుంది. ఒడియాలో ‘మోతే’ అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. ‘మోతే భోక లాగుఛి’ అంటే నాకు ఆకలి వేస్తోంది. ‘భాయి మోతే డాకిలే’ అంటే అన్న నన్ను పిలిచాడు. పేర్లకు చేరే ‘కు’ కూడా అంతే. ‘రామకు భోక లాగుఛి’ అన్నా, ‘రామకు డాక’ అన్నా ఒకే ‘కు’. మొదటిది తెలుగులో ‘రాముడికి ఆకలి వేస్తోంది’, రెండోది ‘రాముణ్ణి పిలు’. రెండు భాషల్లోనూ ప్రత్యయం ‘కు’ అనే వినబడడం వల్ల పిల్లవాడికి అనుమానం కూడా రాదు. రోజంతా ఒడియాలో ఉండి ఇంటికి వచ్చిన పిల్లవాడు ‘టీచరుకు చూశాను’, ‘అన్న నాకు తిట్టాడు’, ‘వాడు నాకు అడిగాడు’ అని రాస్తాడు.

దీనికి నేను పెట్టిన పరీక్ష ఇది. నా మీద ఒక పని జరిగిందా, లేక నా దగ్గరకు ఏదైనా వచ్చి చేరిందా? తిట్టడం, కొట్టడం, పిలవడం, చూడడం నా మీద జరిగే పనులు, వాటికి ‘నన్ను’. ఇవ్వడంలో వస్తువు, చెప్పడంలో మాట నా దగ్గరకు చేరతాయి, వాటికి ‘నాకు’. ఆకలి, భయం, కోపం కూడా వచ్చి చేరేవే, వాటికీ ‘నాకు’. ఈ పరీక్ష ‘అడుగు’ దగ్గర విఫలమవుతుంది. అడగడంలో కూడా మాట నా దగ్గరకే వస్తుంది, అయినా తెలుగులో ‘నన్ను అడిగాడు’ అనే అంటాం. ఈ ఒక్కదాన్ని బట్టీ పట్టించక తప్పదు. ‘చెప్పాడు’కు నాకు, ‘అడిగాడు’కు నన్ను అని జంటగా నేర్పండి.

కలిగి ఉండడం చెప్పే వాక్యాల్లో ఇంకో రకం జారుడు ఉంది. ఒడియాలో ‘మోర దుయి భాయి అఛంతి’ అంటారు, మాటకు మాట పెడితే ‘నా ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు’. తెలుగులో చుట్టరికానికి ‘నాకు’ కావాలి: నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు. చేతిలో ఉన్న డబ్బు, పుస్తకం వంటివాటికి మాత్రం ‘నా దగ్గర’: నా దగ్గర పది రూపాయలున్నాయి. ‘నా ఇద్దరు అన్నలు ఉన్నారు’ అని రాస్తే, వాళ్లు ఎక్కడో ఉన్నారని చెప్పబోయి మధ్యలో ఆపేసినట్లు ఉంటుంది.

ఐదో మెట్టు: వచ్చిపడేది, చేసేది

‘నాకు భయం వేసింది’, ‘నేను భయపడ్డాను’ రెండూ తెలుగే. ఒకే భయాన్ని రెండు వైపుల నుంచి చెబుతాయి. మొదటిదానిలో భయం వచ్చి నన్ను తాకింది, అది నా చేతిలో లేదు. రెండోదానిలో భయపడడం నేను చేసిన పనిగా నిలబడింది, అందుకే క్రియ ‘నేను’ వైపు తిరిగి ‘భయపడ్డాను’ అయింది. ఇష్టం, ఇష్టపడ్డాను, బాధ కలిగింది, బాధపడ్డాను, నిద్ర వచ్చింది, నిద్రపోయాను, గుర్తుంది, గుర్తుపెట్టుకున్నాను. పిల్లలు ఈ రెండింటినీ కలిపేసి ‘నేను భయం వేశాను’ అని రాస్తారు. వాక్యం మొదటి సగం ఒక పద్ధతి నుంచి, రెండో సగం ఇంకో పద్ధతి నుంచి వస్తుంది.

ఏది ఏ పద్ధతిలోదో తేల్చుకోవడానికి ఆజ్ఞ పెట్టి చూడమనండి. ‘భయపడకు’ అనవచ్చు, ‘నిద్రపో’ అనవచ్చు, ‘గుర్తుపెట్టుకో’ అనవచ్చు. ఇవి ‘నేను’ పద్ధతి మాటలు. ‘ఆకలి వెయ్యి’ అని ఎవరికీ చెప్పలేం, ‘నిద్ర రా’ అని ఆజ్ఞాపించలేం. ఇవి ‘నాకు’ పద్ధతి మాటలు.

‘గా ఉండు’ చేరినప్పుడు మాత్రం గీత అంత గట్టిగా ఉండదు. ‘నాకు సంతోషంగా ఉంది’, ‘నేను సంతోషంగా ఉన్నాను’ రెండూ వాడతాం. మొదటిది లోపలి అనుభూతి, రెండోది నన్ను చూసేవారికి కూడా కనబడే స్థితి. కోపానికి కూడా ‘నేను కోపంగా ఉన్నాను’ చెల్లుతుంది. చలికి, నొప్పికి చెల్లదు. ‘నాకు చలిగా ఉంది’, ‘నాకు నొప్పిగా ఉంది’ అనే అనాలి, ‘నేను చలిగా ఉన్నాను’ అంటే ఒళ్లు చల్లబడిన వస్తువు మాట్లాడుతున్నట్లు ఉంటుంది. దీనికి సూత్రం వెతకడం కంటే మాటను పైకి చదివించి చెవికి అప్పగించడం మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన చెవి ఇక్కడ చాలావరకు సరిగానే చెబుతుంది. బడిపంతులుగా ఇదే పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషే రాతకు ఆధారం కావాలని పోరాడారు, ఆ మాట ఇలాంటి చోట్ల నాకు ఎంతో ఆసరాగా ఉంటుంది.

ఆరో మెట్టు: ‘వెళ్లాలి’ ఎవరిది

ఒడియాలో వెళ్లక తప్పదని చెప్పడానికి ‘మోతే జిబాకు హెబ’ అంటారు. మనిషి ‘మోతే’లో ఉన్నాడు. హిందీలో కూడా ‘ముఝే జానా హై’ అనే కదా. ఆ రెండు భాషలూ రోజూ వినే పిల్లవాడు ‘నాకు వెళ్లాలి’ అనడంలో వింత లేదు. తెలుగులో బాధ్యత చెప్పే ‘ఆలి’కి మనిషి కర్తగానే ఉండాలి: నేను ఇంటికి వెళ్లాలి. వెళ్లాలన్న కోరిక మనసులో ఉందని చెప్పదలిస్తే ‘నాకు’ వస్తుంది, అయితే వాక్యం పెరుగుతుంది: నాకు ఇంటికి వెళ్లాలని ఉంది. ‘నేను వెళ్లాలి’ అంటే పని ఉంది, ‘నాకు వెళ్లాలని ఉంది’ అంటే మనసు లాగుతోంది. ‘నాకు వెళ్లాలి’ అని రాసిన పిల్లవాడిని వెంటనే దిద్దకుండా ‘పని ఉందా, బెంగగా ఉందా?’ అని అడగండి. అతని జవాబే ఏ వాక్యం రాయాలో చెబుతుంది. ‘కావాలి’ ఒక్కటే ఈ వరసలో ‘నాకు’తో నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ కావలసింది ఒక వస్తువో మనిషో అవుతుంది.

అనుభవించేవాడి పెత్తనం

అనుభవించేవాడు కర్త కాడని ఇంతసేపు చెప్పాను. ఆ మాటకు ఒక హద్దు ఉంది, పెద్ద తరగతుల పిల్లలకు దాన్ని కూడా చెప్పాలి. ‘సీతకు తన తమ్ముడంటే ఇష్టం’ అన్నప్పుడు ‘తన’ అన్న మాట సీతను పట్టుకుంటుంది. సాధారణంగా ‘తన’ కర్తను వెతుక్కునే మాట. ‘సీత తన తమ్ముణ్ణి పిలిచింది’లో కర్త సీతే. క్రియ దగ్గర కర్తృత్వం పోగొట్టుకున్న సీత ‘తన’ దగ్గర మాత్రం పెత్తనం నిలుపుకుంది.

‘ఆ మాట విని నాకు కోపం వచ్చింది’ అన్న వాక్యంలోనూ ఇదే జరుగుతుంది. ‘విని’ క్త్వార్థకం, అంటే ప్రధాన క్రియకు ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ. క్త్వార్థకానికీ ప్రధాన క్రియకూ కర్త ఒకరే కావాలన్నది నియమం. విన్నది నేను, వచ్చింది కోపం. నియమాన్ని అక్షరాలా పట్టుకునే పరీక్షకులు ఇక్కడ ఎర్ర సిరా వాడవచ్చు, వారి కోసం ‘ఆ మాట వినగానే నాకు కోపం వచ్చింది’ అని రాయడం క్షేమం. అయితే ‘విని నాకు కోపం వచ్చింది’ అని తెలుగువారందరూ అంటారు, అనుభవించేవాడిని మన భాష లోపల్లోపల కర్తలాగే చూస్తుంది కాబట్టి ఆ వాక్యం నిలుస్తుంది. నా పిల్లల రాతల్లో దాన్ని నేను తప్పుగా దిద్దను.

ఒక పేరాను దిద్దిన తీరు

ఈ మెట్లన్నీ ఒకచోట ఎలా పనికివస్తాయో చూపడానికి, రథయాత్ర మీద ఏడో తరగతి పిల్లలు రాసే వాక్యాల నుంచి కూర్చిన ఒక పేరాను తీసుకుంటాను.

‘నా ఇద్దరు అన్నలు ఉన్నారు. వాళ్లతో రథయాత్రకు వెళ్లాను. జనాన్ని చూసి నేను చాలా భయం వేశాను. అక్కడ మా టీచరుకు చూశాను. నాకు టీచరు చాలా ఇష్టం. నన్ను ఆకలి వేసింది. నాకు ఇంటికి వెళ్లాలి అన్నాను. అన్న నాకు తిట్టాడు. నాకు కన్నీళ్లు వచ్చింది.’

మొదటి వాక్యం చుట్టరికం, కాబట్టి ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’. రెండోదానిలో దిద్దవలసింది లేదు. మూడోదానిలో రెండు పద్ధతులు కలిశాయి. పిల్లను అడిగితే ‘ఒక్కసారిగా వచ్చేసింది సార్’ అంటుంది, అంటే వచ్చిపడిన భయం. ‘జనాన్ని చూసి నాకు చాలా భయం వేసింది’ అని దిద్దుతాం. ‘చూసి’ని అలాగే ఉంచుతాను, కారణం పైన చెప్పాను. నాలుగోది చూపు టీచరు మీద పడిన పని, ‘మా టీచరును చూశాను’. అదే విషయాన్ని ‘మా టీచరు కనబడ్డారు’ అని రాస్తే ఇంకా బాగుంటుందని చెబుతాను, అప్పుడు గౌరవం క్రియలోనే కనబడుతుంది. ఐదోదానికి ‘అంటే’ చేరిస్తే సహజంగా ఉంటుంది: నాకు టీచరంటే చాలా ఇష్టం.

ఆరోదానిలో ‘మోతే’ తొంగిచూస్తోంది. టీచరును ‘టీచరుకు’ చేసిన పిల్లే ఇక్కడ తిరగబడి ‘నాకు’ను ‘నన్ను’ చేసింది. ఒక తప్పును గట్టిగా దిద్దినప్పుడు పిల్లలు ఇలా అవతలి అంచుకు జరగడం మామూలే. అందువల్ల నాలుగో మెట్టును ఒక్క వైపు నుంచి నేర్పకూడదు, ‘నన్ను’ నేర్పిన రోజునే ‘నాకు’ వాక్యాలు కూడా పక్కన రాయించాలి. ఆకలి వచ్చి చేరేది, ‘నాకు ఆకలి వేసింది’. ఏడోదానికి ముందు ప్రశ్న అడగాలి. ఆకలి వేసింది కనుక మనసు ఇంటి వైపు లాగిందని పిల్ల చెబితే ‘నాకు ఇంటికి వెళ్లాలని ఉంది అన్నాను’ అవుతుంది. ఎనిమిదోది నా మీద జరిగిన పని, ‘అన్న నన్ను తిట్టాడు’.

చివరి వాక్యాన్ని నేను దిద్దను. ‘కన్నీళ్లు’ కింద గీత గీసి పెన్సిలు పిల్ల చేతికి ఇస్తాను. ఆమె బాణం వేసి, ‘వచ్చింది’ కొట్టేసి, ‘వచ్చాయి’ అని రాస్తుంది.